మూడోసారి ఫోన్ చేసిన మేస్త్రి: ఏటీఎంలో రాని పదివేలు, తొమ్మిది నిమిషాల కాల్

బ్యాంకు కస్టమర్ కేర్‌లో తెలుగు లైన్ మీద కూర్చోబోయే ఏజెంట్ల శిక్షణలో వాడే కేసు ఇది. ఊరు, మొత్తం, కాలర్ ఆనవాళ్లు మార్చాం. మాటలను ఫోన్‌లో పలికే తీరులోనే పెట్టాం, ఎందుకంటే కోపం పెరిగేదీ తగ్గేదీ చాలావరకు ఆ పలికే తీరు దగ్గరే.

కాలర్ నల్గొండ వైపు సెంట్రింగ్ మేస్త్రి. శనివారం సాయంత్రం కూలీలకు వారం డబ్బులు ఇవ్వడానికి, తన ఖాతా ఉన్న బ్యాంకుది కాని వేరే బ్యాంకు ఏటీఎంలో రూ.10,000 తీయబోయాడు. మిషన్ లోపల నోట్లు లెక్కపెడుతున్న చప్పుడు వచ్చింది, నోట్లు మాత్రం రాలేదు. ఖాతాలో డబ్బు తగ్గినట్టు మెసేజ్ వచ్చింది. ఆ రాత్రే ఫోన్ చేశాడు. ఆదివారం మళ్లీ చేశాడు. సోమవారం ఉదయం చేసిన మూడో కాల్ మన కేసు.

కోపం ఎక్కడ తయారైంది

మేస్త్రి మిషన్ మీద కోపంతో ఫోన్ చేయలేదు. అసలు కోపం ముందు రెండు కాల్స్‌లో పుట్టింది. శనివారం ఏజెంట్ ఇలా అన్నాడు: "కంగారు పడకండి సార్, ఇరవై నాలుగు గంటల్లో వచ్చేస్తాయి లెండి." ఫిర్యాదు నమోదు చేయలేదు. ఆదివారం ఏజెంట్ ఇలా అంది: "ఏడు పని దినాలు పడుతుంది సార్. మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము." ఆమె ఫిర్యాదు నమోదు చేసింది, నంబరు మాత్రం చెప్పలేదు.

రెండు గడువులూ తప్పే. ఏటీఎంలో డబ్బు రాకుండా ఖాతాలో తగ్గిన సందర్భానికి రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరు 20న ఇచ్చిన సర్క్యులర్ ఉంది. అది ఆ ఏడాది అక్టోబరు 15 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం లావాదేవీ జరిగిన రోజును పక్కనపెట్టి, ఆ తర్వాత ఐదు రోజుల్లోపు డబ్బు వెనక్కి వేయాలి. ఇవి క్యాలెండర్ రోజులు, అంటే ఆదివారం కూడా లెక్కలోకి వస్తుంది. ఐదు రోజులు దాటితే ఆలస్యమైన ప్రతి రోజుకు రూ.100 చొప్పున, ఖాతాదారు అడగకపోయినా, బ్యాంకే జమ చేయాలి. మన మేస్త్రికి శనివారం సున్నా అయితే గడువు గురువారం. శుక్రవారం నుంచి రోజుకు వంద.

ఇది నోటికి రాని ఏజెంటుకు ఎంత తియ్యగా మాట్లాడటం నేర్పినా లాభం లేదు. గడువు తెలియనివాడు ఊరట కోసం ఏదో ఒక అంకె చెబుతాడు. ఆ అంకె తప్పిన రోజు వచ్చే కాల్ ఇంకొకరి హెడ్‌సెట్‌లో పడుతుంది.

మొదటి ఏజెంట్ మాటలో "లెండి" అనే చివరి ముక్క చూడండి. ఇంట్లో ఓదార్పుగా వినిపించే ఆ ముక్క, డబ్బు పోయిన మనిషికి "ఇదేం పెద్ద విషయం" అన్నట్టు తగులుతుంది. రెండో ఏజెంట్ చదివిన వాక్యం రైలు లేటైనప్పుడు ప్లాట్‌ఫాం మీద మైకులో వచ్చేది. తెలుగువాళ్లెవరూ ఎదుటి మనిషితో అలా మాట్లాడరు. అది వినగానే కాలర్‌కు అర్థమయ్యేది ఒకటే: వీళ్లు కాగితం చూసి చదువుతున్నారు.

మొదటి నలభై సెకన్లు

కాల్ మొదలవగానే మేస్త్రి అందుకున్నాడు:

"శనివారం పొద్దుమూకి పదివేలు కొట్టిన, మిషన్ గరగర అన్నది, పైసలు రాలే. ఖాతాల కట్ అయినయి. మొన్న చేస్తే ఒకాయన ఒకటి చెప్తడు, నిన్న చేస్తే ఒకామె ఇంకోటి చెప్తది. నా పైసలంటే ఆటలా మీకు? కూలోళ్లకు నేనేం ఇయ్యాలె? ఏం చేస్తున్నవ్ నువ్వక్కడ గూసుని?"

ఇక్కడ కొత్త ఏజెంట్ చేసే పని, పదో సెకనులో మధ్యలో దూరి "సార్, సార్, మీ రిజిస్టర్డ్ మొబైల్ నంబర్ చెప్తారా" అనడం. కాల్ నిడివి తగ్గించాలన్న ఒత్తిడే దీనికి కారణం. ఫలితం తలకిందులవుతుంది. మధ్యలో ఆపిన కాలర్ ఆగిన చోటు నుంచి కొనసాగించడు, శనివారం నుంచి మళ్లీ మొదలెడతాడు. ఒకసారి ఆపితే ముప్పై, నలభై సెకన్లు అదనం. మూడుసార్లు ఆపితే కాల్ చేయి దాటినట్టే.

మాట్లాడనివ్వడం అంటే పూర్తిగా మౌనంగా ఉండటం కూడా కాదు. ఫోన్‌లో ముఖం కనపడదు. ఎనిమిది, పది సెకన్లు ఏ చప్పుడూ లేకపోతే "హలో, ఉన్నవా? పెట్టేసినవా?" అని గొంతు ఇంకో మెట్టు ఎక్కుతుంది. అందుకని అతను ఊపిరి తీసుకునే చోట చిన్న మాట వేయాలి: "చెప్పండి సార్, వింటున్నా." ఇంకాసేపటికి: "శనివారం సాయంత్రం, పదివేలు. రాసుకుంటున్నా సార్." ఈ రెండోదే బలమైనది. అతని నోట వచ్చిన వివరమే తిరిగి చెవిన పడటంతో అదే ముక్కను మళ్లీ చెప్పే అవసరం తగ్గుతుంది. "ఊఁ, ఊఁ" అనడం మాత్రం వద్దు. పక్కనెవరితోనో మాట్లాడుతూ వింటున్నట్టు ఉంటుంది.

గొంతు గురించి ఒక మాట. అరిచేవారితో మరీ మెత్తగా, నిద్రపుచ్చేలా మాట్లాడాలని చాలాచోట్ల నేర్పుతారు. అది పనిచేయదు. అతని ఇల్లు తగలబడుతుంటే మీరు టీ తాగుతున్నట్టు ఉంటుంది. అతని వేగానికి ఒక్క మెట్టు కింద, చురుగ్గా, గట్టిగా మొదలుపెట్టి, రెండు మూడు మాటలు నడిచాక మెల్లగా దించాలి.

మేస్త్రి "నువ్వు" అన్నా ఏజెంట్ "మీరు" దగ్గర నుంచి కదలకూడదు. అలాగని వాక్యానికి రెండుసార్లు "సార్" తగిలించినా వెటకారంలాగే వినిపిస్తుంది. అతని యాసను అనుకరించడం ఇంకా పెద్ద ప్రమాదం. ఏజెంట్ తన మాటతీరులోనే మాట్లాడాలి, కాలర్ వాడిన పేరును మాత్రం తీసుకోవచ్చు. అతను "పైసలు" అంటే మీరూ "పైసలు" అనండి. "నగదు", "మొత్తము" అనొద్దు.

విన్నది తిరిగి చెప్పడం

మేస్త్రి మొదటిసారి ఆగినచోట ఏజెంట్ అన్నది ఇది:

"నేను రాసుకున్నది సరిగ్గా ఉందో లేదో ఒకసారి చూడండి సార్. శనివారం సాయంత్రం మీరు పదివేలు తీయబోయారు, మిషన్ చప్పుడు చేసింది, పైసలు రాలేదు, ఖాతాలో మాత్రం తగ్గాయి. ఆ రాత్రి మా వాళ్లు ఒక రోజు అన్నారు. నిన్న ఏడు రోజులు అన్నారు. ఇవాళ మూడోసారి చేస్తున్నారు. కూలీల డబ్బు మీ మీద పడింది. ఇంతేనా, ఇంకేమైనా ఉందా?"

మేస్త్రి జవాబు: "ఇంకేముంటది? గదే."

కాల్ మొత్తంలో కోపం విరిగిన చోటు ఇది. క్షమాపణ ఇంకా రాలేదు, పరిష్కారం ఇంకా రాలేదు. తన ఫిర్యాదు ఎదుటివాడి నోట వివరంగా, కూలీల సంగతితో సహా రావడమే ఇక్కడ పనిచేసింది. "మీ బాధ నాకు అర్థమైంది సార్" అనే వాక్యం ఇక్కడ పెట్టి ఉంటే "ఏం అర్థమైంది నీకు?" అనే ప్రశ్న వచ్చేది. అర్థమైందని చెప్పుకోనక్కర్లేదు, తిరిగి చెబితే తెలుస్తుంది.

అయితే తిరిగి చెప్పేటప్పుడు తెలుగులో ఒక ముల్లు ఉంది. "మీరు పైసలు రాలేదంటున్నారు" అన్నామా, పని చెడినట్టే. "అంటున్నారు" అనే మాటలో "మీరు అంటున్నారు గానీ నిజమో కాదో" అనే నీడ ఉంటుంది. పోలీసు స్టేషన్‌లో వినిపించే మాట అది. "పైసలు రాలేదు" అని సూటిగా చెప్పాలి. ఏజెంటుకు భయం ఉంటుంది: మిషన్ రికార్డులో డబ్బు వచ్చినట్టే ఉంటే? దర్యాప్తు ఫలితాన్ని ముందే ఒప్పుకున్నట్టు కాదా? కాదు. అది అతను చెప్పిన సంగతిని తిరిగి చెప్పడమే. ఫలితం మాట వచ్చినప్పుడు దాన్ని విడిగా, స్పష్టంగా చెప్పాలి. ఎలాగో కింద వస్తుంది.

ఒక్క సారీ, దేనికో చెప్పి

"మీకు రెండుసార్లు రెండు గడువులు చెప్పడం మా తప్పు సార్. శనివారం రాత్రి ఫిర్యాదు కూడా రాయలేదు. దానికి సారీ."

ఇంతే. మళ్లీ సారీ లేదు. ఎనిమిదిసార్లు సారీ చెప్పే ఏజెంటుకు చేతిలో వేరే ఏమీ లేదని కాలర్ ఇట్టే పసిగడతాడు. సారీ దేనికో పేరు పెట్టి చెప్పాలి. ఆ వాక్యం తర్వాత "కానీ" రాకూడదు. "సారీ సార్, కానీ వేరే బ్యాంకు ఏటీఎం కాబట్టి..." అంటే కాలర్‌కు "కానీ" తర్వాతదే వినపడుతుంది. అక్కడ వాక్యం ఆపి ఒక క్షణం ఆగి, కొత్త వాక్యం మొదలుపెట్టాలి.

వెంటనే ఖాతా నిర్ధారణ. మూడోసారి కాలర్‌తో ఇది మందుపాతర, "మళ్ల మొదటికెళ్లా?" అంటాడు. ఈ కాల్‌లో ఏజెంట్ దాన్ని ఇలా దాటించింది:

"జరిగినదంతా నా దగ్గర ఉంది, మీరు మళ్లీ చెప్పక్కర్లేదు. ఈ ఖాతా మీదేనని తెలిస్తేనే నేను తెరిచి చూడగలను, ఇంకొకరు మీ పేరు చెప్పి తెరవకుండా. రెండే ప్రశ్నలు. పుట్టిన తేదీ, కార్డు మీది చివరి నాలుగు అంకెలు. పిన్ గానీ ఓటీపీ గానీ నాకు చెప్పొద్దు."

ఎన్ని ప్రశ్నలో ముందే చెప్పడం వల్ల అతను లెక్కపెట్టుకుంటాడు. రెండన్నాక మూడోది అడిగారో, అప్పటిదాకా కట్టినదంతా కూలుతుంది.

హోల్డ్

ఏజెంట్ ఆదివారం ఫిర్యాదు నమోదైందో లేదో చూడాలి. "ఒక్క నిమిషం సార్" అని మూడు నిమిషాలు సంగీతం వినిపించడం మామూలుగా జరిగే తప్పు. ఇక్కడ జరిగింది ఇది:

"నిన్న రాసిన ఫిర్యాదు ఎంతవరకు వచ్చిందో చూడాలి సార్. రెండు నిమిషాలు పడుతుంది. లైన్‌లో ఉంటారా, చూసుకుని నేనే చేయనా?"

"ఉంట. పెట్టేయకు."

"పెట్టను. నాకు దొరికినా దొరకకపోయినా రెండు నిమిషాలకు వస్తాను."

నిమిషం నలభై సెకన్లకే తిరిగి వచ్చింది. అప్పటికి సిస్టమ్ ఇంకా తెరుచుకోకపోయినా తిరిగి వచ్చి "ఇంకొక్క నిమిషం కావాలి" అని అడిగి ఉండాలి. ఇంకో జాగ్రత్త: మ్యూట్ నొక్కానని అనుకుని పక్క సీటువాళ్లతో "వీడొకడు" అనే ఏజెంట్లు ఉన్నారు. బటన్ పడలేదని తెలిసేసరికి ఆలస్యం అవుతుంది. మ్యూట్ ఉన్నా లేకున్నా కాలర్ వింటున్నాడనే అనుకోవాలి.

తేదీ చెప్పడం, హామీ ఇవ్వకపోవడం

"ఫిర్యాదు నమోదై ఉంది సార్. నంబరు చెప్తాను, రాసుకోండి, మెసేజ్ కూడా పంపుతున్నా. ఇప్పుడు ఏం జరుగుతుందో చెప్తాను. మిషన్ వేరే బ్యాంకుది. ఆ మిషన్‌లో ప్రతి లావాదేవీకి రికార్డు ఉంటుంది. మీ పదివేలు బయటికి రాకపోతే వాళ్ల నగదు లెక్కలో అంత మిగిలి కనపడాలి. వాళ్లు అది సరిచూసి మనకు చెప్పాలి. దీనికి రిజర్వు బ్యాంకు పెట్టిన గడువు ఐదు రోజులు, సెలవులతో కలిపి. మీకు అది ఈ గురువారం. గురువారం దాటితే శుక్రవారం నుంచి రోజుకు వంద రూపాయలు మీరు అడగకుండానే కలిపి వేయాలి."

"గురువారం పక్కా వస్తయా?"

చాలామంది జారేది ఇక్కడే. "పక్కా సార్" అనేస్తే కాల్ హాయిగా ముగుస్తుంది, శుక్రవారం నాలుగో కాల్ వస్తుంది. ఏజెంట్ జవాబు:

"పక్కా అని నేను చెప్పలేను సార్, అది వాళ్ల రికార్డు చూశాక తేలేది. గడువు గురువారం అన్నది మాత్రం పక్కా. గురువారం సాయంత్రం ఐదు నుంచి ఆరు మధ్య, పైసలు పడ్డా పడకపోయినా మీకు ఫోన్ వస్తుంది. అది నేను చేయించగలను."

రాని ఫలితానికి హామీ ఇవ్వకుండా తన చేతిలో ఉన్న పనికి హామీ ఇచ్చింది. "చూస్తాం సార్", "మాట్లాడతాం సార్" అన్న మాటలకు తెలుగులో అందరికీ తెలిసిన అర్థం "చేయం" అనే. గంట పేరు చెప్పినప్పుడే అది మాటగా నిలుస్తుంది.

మిషన్ రికార్డులో డబ్బు వెళ్లినట్టు తేలితే ఏమవుతుందో ఈ కాల్‌లో చెప్పాలా వద్దా అన్న చర్చ శిక్షణలో ప్రతిసారీ వస్తుంది. అడిగితే చెప్పాలి: "అలా తేలితే ఈ ఫిర్యాదు కొట్టేస్తారు సార్. అప్పుడు మీరు ఒప్పుకోనక్కర్లేదు, మళ్లీ పరిశీలించమని అడగొచ్చు, ఎలాగో నేను చెప్తాను." అడగకపోతే సోమవారం నాడు దాన్ని ముందుకు తేవడం అనవసరంగా నిప్పు రాజేయడమే.

ఆర్‌బీఐ, పై అధికారి, బూతు

సగం చల్లారిన కోపం మళ్లీ ఒకసారి లేస్తుంది. సాధారణంగా బెదిరింపు రూపంలో వస్తుంది. మేస్త్రి అన్నాడు: "గురువారం రాకపోతే ఆర్‌బీఐల కంప్లయింట్ ఇస్త."

ఏజెంట్లు దీనికి జడిసి "అంత అవసరం లేదు సార్" అంటారు. ఆ మాటతో అవసరం ఉందని అతనికి ఖాయమవుతుంది. చెప్పాల్సింది: "అది మీ హక్కు సార్. మా బ్యాంకుకు రాసి ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే, లేదా వచ్చిన జవాబు మీకు నచ్చకపోతే, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా రాయొచ్చు. దానికి ఇందాక ఇచ్చిన ఫిర్యాదు నంబరు కావాలి, దాచుకోండి." తలుపు మూసి లేదని తెలిశాక దాన్ని తన్నే పని ఉండదు.

"మీ సార్‌కు ఇయ్యి ఫోను" అన్నప్పుడు ఒక్కసారి మాత్రమే ఆపే ప్రయత్నం చేయాలి: "ఇస్తాను సార్. ఆయన కూడా ఇదే గురువారం చెప్తారు. అయినా మాట్లాడాలనుకుంటే ఇప్పుడే కలుపుతాను." రెండోసారి అడిగితే కలపడమే. కలిపే ముందు టీమ్ లీడర్‌కు మూడు ముక్కలు చెప్పాలి: ఏం జరిగింది, ఏం చెప్పాను, ఏ తేదీ ఇచ్చాను. ఇది చెప్పకుండా కలిపితే టీమ్ లీడర్ "చెప్పండి సార్, మీ సమస్య ఏంటి" అంటాడు. నాలుగోసారి మొదటి నుంచి.

ఈ కాల్‌లో బూతు రాలేదు. వస్తే రెండు రకాలుగా విడదీయాలి. బ్యాంకును, మిషన్‌ను, లోకాన్ని తిట్టే తిట్టు గాలికి పోయేది, దాన్ని పట్టించుకోనక్కర్లేదు. ఏజెంట్‌ను, ఇంట్లోవాళ్లను పట్టుకుని తిడితే మొదటిసారి: "సార్, మీ పైసల పని చేయడానికే ఉన్నాను. ఈ మాటలు లేకుండా చెప్పండి, చేస్తాను." రెండోసారి: "ఇదే మాట మళ్లీ వస్తే కాల్ పెట్టేయాల్సి వస్తుంది సార్." మూడోసారి: "ఈ కాల్ ఇప్పుడు ఆపుతున్నాను. మీ ఫిర్యాదు ఆగదు, దాని మీద పని నడుస్తుంది." పెట్టేసి, అన్న మాటను అన్నట్టే నోట్‌లో రాయాలి. ఆడపిల్లల మీద వచ్చే మాటలకు మూడు అవకాశాలు ఇవ్వాలన్న పట్టింపు అక్కర్లేదు. రెండోదానికే ఆపే అధికారం ఇచ్చే సెంటర్లు మంచి పని చేస్తున్నాయి.

నోట్, గురువారం

కాల్ తొమ్మిది నిమిషాలు పట్టింది. సగటు నిడివి లక్ష్యానికి ఇది ఎక్కువే. అయితే శని, ఆదివారాల చిన్న కాల్స్ రెండూ కలిపి ఏ పనీ చేయలేదని కూడా ఆ లెక్కలో రాసుకోవాలి.

తర్వాత రాసిన నోట్ ఇది: "మూడో కాల్. ముందు 24 గంటలు, 7 పని దినాలు అని తప్పుగా చెప్పారు, ఒప్పుకున్నాం. సరైన గడువు గురువారం, చెప్పాం. శుక్రవారం నుంచి రోజుకు రూ.100 సంగతి చెప్పాం. కూలీలకు ఇవ్వాల్సిన డబ్బు. గురువారం 5-6 మధ్య మనమే ఫోన్ చేయాలి, డబ్బు పడకపోయినా. మళ్లీ మొదటి నుంచి అడగొద్దు." "కస్టమర్ కోపంగా ఉన్నారు, సర్దిచెప్పాం" అని రాసే నోట్‌తో పోల్చి చూస్తే, తర్వాత ఎత్తేవాళ్లకు ఏది పనికొస్తుందో తెలుస్తుంది.

గురువారం సాయంత్రానికి డబ్బు పడలేదు. అయినా ఐదుంబావుకు ఫోన్ వెళ్లింది. ఆ రోజు షిఫ్ట్‌లో ఉన్నది వేరే ఏజెంట్, నోట్ చూసి మాట్లాడాడు:

"సోమవారం మాట్లాడినప్పుడు గురువారం ఫోన్ చేస్తామన్నాం సార్, అందుకే చేస్తున్నాను. పైసలు ఇంకా పడలేదు. మిషన్ బ్యాంకు నుంచి జవాబు రాలేదు. రేపటి నుంచి రోజుకు వంద కలుస్తుంది. ఇవాళ మా పై విభాగానికి పంపాను. శనివారం ఇదే టైముకు మళ్లీ చేస్తాను."

అవతల కొంతసేపు చప్పుడు లేదు. తర్వాత: "సరే. చెయ్యి."

శనివారం మధ్యాహ్నం రూ.10,000 ఖాతాలో పడ్డాయి. వాటితో పాటు శుక్ర, శనివారాలకు రూ.200 వేరుగా పడ్డాయి. సాయంత్రం ఫోన్ మాత్రం మానలేదు. ఆ రెండొందలు ఎందుకు వచ్చాయో మేస్త్రికి చెప్పాలి కదా.